కొత్త సిటీలో మూడు పూటలూ బయట తిండే: జనం ఉన్న బండి దగ్గరే తిన్నా, అయినా ఎక్కడ తప్పింది?

కొత్తబాటసారి
పని మీద కొత్త సిటీకి వచ్చి పదకొండు రోజులైంది, ఇంకా రెండున్నర నెలలు ఉండాలి. రూమ్‌లో వండుకోనివ్వరు, స్టవ్ పెట్టకూడదు, ఫ్రిజ్ లేదు. తిండికి ఆఫీసు రోజుకింత అని ఇస్తుంది, అది దాటితే నా జేబులోంచే. అందుకని మూడు పూటలూ బండ్ల మీదా చిన్న చిన్న హోటళ్లలోనే లాగిస్తున్నా.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి జనం బాగా మూగిన బండి ఒకటి చూసి, గుడ్డు వేసి వేయించిన అన్నం తిన్నా. నా కళ్లముందే పెద్ద మంట మీద వేయించి పొగలు కక్కుతుంటే ఇచ్చాడు. పన్నెండున్నరకి కడుపులో తిప్పడం మొదలైంది, తెల్లవారేలోపు ఆరేడు సార్లు వాంతులు. జ్వరం లేదు, విరేచనాలు ఒక్కసారే. పొద్దున పదికల్లా ఆగిపోయింది గానీ ఆ రోజు పని పోయింది, జీతంలో కోత కూడా పడింది.

జనం ఉన్న చోట తిను, వేడిగా ఉన్నది తిను అని ఎవర్ని అడిగినా చెప్పే రెండూ చేశా కదా, మరి ఎక్కడ తప్పింది? లేకపోతే మధ్యాహ్నం ఐస్ వేసిన జ్యూస్ తాగా, అదా?

ఇంకోటి, నా ముందున్నతను ఇచ్చినదానికంటే నా దగ్గర మూడో వంతు ఎక్కువ తీసుకున్నాడు. ఇక్కడి భాష రాదు, అడగలేకపోయా. కొత్తవాడినని తెలిసిపోయి వేశాడేమో అని అప్పట్నుంచీ మనసులో ముల్లులా ఉంది.

పొగబండి
ఐసే. డౌటే లేదు. అంత మంట మీద వేయించాక ఏ క్రిమీ బతకదు బ్రో. నేను ఎనిమిదేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నా, నా రూల్ ఒక్కటే, పొయ్యి మీంచి నేరుగా ప్లేట్లోకి వచ్చింది తిను, చల్లగా ఉన్నది ముట్టుకోకు.

మూకుడు
ఐస్ మీద పడే ముందు ఒక్క విషయం చెప్పండి. వేయించే ముందు ఆ అన్నం ఎక్కడుంది? స్టవ్ మీద గిన్నెలోనా, పక్కన ఎక్కడన్నా పోసి ఉంచాడా? పొగ వస్తోందా లేదా?

కొత్తబాటసారి
@మూకుడు బండి వెనక పెద్ద ప్లాస్టిక్ టబ్, మీద బట్ట కప్పి ఉంది. పొగ ఏం లేదు. గడ్డలుగా ఉంటే చేత్తో చిదిపి మూకుట్లో వేశాడు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే టబ్ దాదాపు అడుగంటింది, గీకి తీశాడు.

మూకుడు
అయితే నా అనుమానం ఆ టబ్ మీదే. నేను పద్నాలుగేళ్లు హోటల్ కిచెన్లలోనూ కేటరింగ్‌లోనూ చేశాను, ఇలాంటిది నా కళ్లముందే రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ అన్నమే.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా తాలూకు బీజాలు ఉంటాయి. పొలం మట్టిలోంచే వస్తాయి, అందుకని ఏ బియ్యంలోనైనా ఉండొచ్చు. అన్నం ఉడికితే మామూలు క్రిములు చస్తాయి గానీ ఈ బీజాలు ఉడుకు తట్టుకుంటాయి. ఆ అన్నాన్ని గోరువెచ్చగా అలా వదిలేస్తే బీజాలు మేలుకుని పెరగడం మొదలుపెడతాయి, పెరుగుతూ అన్నంలోకి ఒక విషం వదుల్తాయి. ఇక్కడే పొగబండి గారి రూల్ తప్పుతుంది. మళ్లీ వేయిస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఆ విషం మాత్రం పోదు. అది మూకుడు వేడికి లొంగేది కాదు. వేడి వేడిగా, పొగలు కక్కుతూ, విషంతో సహా ప్లేట్లోకి వస్తుంది.

టైమ్ చూడండి. తొమ్మిదిన్నరకి తిన్నారు, పన్నెండున్నరకి వాంతులు, అంటే మూడు గంటలు. ఈ రకం సాధారణంగా ఒక గంట నుంచి ఆరు గంటల్లో మొదలవుతుంది, వాంతులే ఎక్కువ, జ్వరం ఉండదు, ఒక రోజులో సర్దుకుంటుంది. మీరు రాసింది అచ్చం అలాగే ఉంది.

ఇంకో అనుమానం కూడా ఉంది. అన్నం చేత్తో చిదిపాడన్నారు. చేతి మీద పుండో కోతో ఉన్నా, ముక్కు తుడుచుకుని అదే చెయ్యి పెట్టినా స్టెఫైలోకాకస్ అనేది చేరుతుంది. దాని విషం కూడా వేడికి పోదు, అది కూడా కొన్ని గంటల్లోనే వాంతులు చేయిస్తుంది. రెండిట్లో ఏదో ల్యాబ్‌కి పంపితే తప్ప చెప్పలేం. ఏదైనా మూలం ఒకటే, వండినది గంటల తరబడి గోరువెచ్చగా కూర్చుంది.

పొగబండి
అంటే ఐస్‌కి క్లీన్ చిట్ ఇచ్చేశారా? గడ్డ కడితే క్రిములు చావవు, అది నాకు తెలుసు. ఏ నీళ్లతో చేశారో తెలీని ఐస్ కంటే అన్నం డేంజరా?

మూకుడు
క్లీన్ చిట్ ఇవ్వలేదు, ఐస్ విషయంలో మీరు చెప్పింది కరెక్టే. గడ్డ కడితే క్రిములు ఆగుతాయంతే, కరగ్గానే మళ్లీ లేస్తాయి. నేనూ బయట ఐస్ ముట్టుకోను. కానీ నీళ్ల వల్ల వచ్చేవి ఎక్కువగా తర్వాతి రోజో, ఇంకా ఆలస్యంగానో, విరేచనాలతో వస్తాయి. ఎక్కువగా వాంతులే వచ్చి పది గంటల్లో ఆగిపోయాయంటే నా వేలు అన్నం వైపే పోతుంది. ప్రమాణం చేసి మాత్రం చెప్పలేను.

రాత్రిడ్యూటీ
నర్సుని. వార్డులో ప్రతి ఒక్కరూ చివరగా తిన్నదాన్నే తిడతారు, చాలాసార్లు అది కాదు. సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల వరకు ఎప్పుడైనా బయటపడొచ్చు. నోరోవైరస్ పన్నెండు గంటల నుంచి రెండు రోజులు. టైఫాయిడ్‌కి వారాలు పడుతుంది, ఏ బండి దగ్గర అంటుకుందో మీకు గుర్తు కూడా ఉండదు. కాబట్టి ఈసారి ఏదైనా అయితే గత మూడు రోజులవి రాసుకోండి, ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదలైంది. డాక్టర్‌కి ఆ చీటీ చాలా పనికొస్తుంది.

వాంతులప్పుడు ఒక్కసారిగా గ్లాసుడు నీళ్లు తాగొద్దు, మళ్లీ బయటికొస్తుంది. చెంచా చెంచాగా తీసుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ అంచుకి సమంగా, గుట్టగా కాదు. ఉప్పు ఎక్కువైతే మేలు కంటే కీడే. మలంలో రక్తం, తగ్గని జ్వరం, ఎనిమిది గంటలుగా ఒంటేలు రాకపోవడం, నిలబడితే కళ్లు తిరగడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో కూర్చోకండి. కొత్త సిటీలో ఒంటరిగా ఉన్నారు కాబట్టి పక్క రూమ్ వాళ్లకి ఒక మాట చెప్పి పడుకోండి. రాత్రంతా వాంతులతో ఒక్కరే ఉండటం నాకస్సలు నచ్చలేదు.

వేడినీళ్లు
ఒక చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ కొనుక్కో బ్రో, గుడ్లు ఉడికించుకోవచ్చు, ఓట్స్ చేసుకోవచ్చు, ఈ గోలే ఉండదు. నేను హాస్టల్లో రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చా.

కొత్తబాటసారి
@వేడినీళ్లు రూమ్‌లో వండనివ్వరు అని మొదటి లైన్లోనే రాశా అన్నా, కెటిల్ కూడా కుదరదు, ప్లగ్‌లో పెడితే మెయిన్ పడిపోతుంది.

వేడినీళ్లు
సారీ, పైపైన చదువుకుంటూ పోయా. అయితే పండ్లు తెచ్చుకో, తొక్క నువ్వే తీసుకునేవి. ముందే కోసి పెట్టినవి కాదు.

ప్రశ్నలపుట్ట
నాకో సందేహం. జనం ఉంటే మంచిదన్న మాట పూర్తిగా తప్పంటారా? ఇన్నాళ్లూ నేను దాని మీదే బతుకుతున్నా.

మూకుడు
తప్పు కాదు, సగమే నిజం. జనం ఉంటే ఎందుకు మంచిదంటాం? గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది, మళ్లీ తాజాగా వండుతారు అని. అసలు చూడాల్సింది ఆ గిన్నెని, మనం చూసేదేమో జనాన్ని. మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారే రాత్రికి సరిపడా వండి తెచ్చుకునే బండి ముందు వందమంది నిలబడినా ఆఖరి ప్లేటు వయసు ఆరేడు గంటలు. బాటసారి గారికి టబ్ అడుగున ఉన్నది పడింది, అంటే అన్నిటికంటే ముసలి అన్నం.

నేను కొత్త చోట తినేముందు పది నిమిషాలు పక్కన నిలబడతాను. ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తా, అంతే. చూసేది ఒకటే, పచ్చి సరుకు లోపలికి పోతోందా లేదా. పచ్చి గుడ్డు పగులుతోందా, పిండి కొత్తగా కలుపుతున్నారా, బియ్యం కడుగుతున్నారా, కూరగాయలు అక్కడే తరుగుతున్నారా. పది నిమిషాల్లో పచ్చిది ఏదీ కనిపించకుండా వండినవే డబ్బాల్లోంచి వస్తున్నాయంటే అది వంట బండి కాదు, వేడిచేసే బండి. అలాంటి చోట ముందే వండి ఉంచిన అన్నం, కూర, మాంసం తీసుకోను, అప్పటికప్పుడు గుడ్డు కొట్టి వేసేదుంటే అది తీసుకుంటా.

వండి ఉంచడం కూడా నేరం కాదు, వేడి నిలిపితే చాలు. 60 డిగ్రీల పైన ఉంచితే క్రిములు పెరగవు, 5 డిగ్రీల లోపు చల్లగా ఉంచినా దాదాపు పెరగవు. మధ్యలోనే ప్రమాదం. ఆ మధ్యలో రెండు గంటలకి మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది. జేబులో థర్మామీటర్ పెట్టుకుని ఎవరు తిరుగుతారు, అందుకని గిన్నె కింద మంట ఉందా, మూత తీసి అడుగునుంచి కలిపినప్పుడు పొగ గుప్పున లేస్తోందా చూడండి. పైన మాత్రమే పొగ ఉంటే చాలదు. నోట్లో పెట్టుకునే ముందు ఊదుకోవాల్సి రావాలి. మొదటి ముద్దకే హాయిగా నమలగలిగితే ఆ గిన్నె చల్లారిపోయిందనే లెక్క.

ప్రశ్నలపుట్ట
వేడిచేసే బండి అన్న మాట బావుంది, నేను తినే మూడు బండ్లలో రెండు అవే 😐

చేతిసంచి
అందరూ గిన్నెలే చూస్తున్నారు, నేను బకెట్ చూస్తా. ప్లేట్లు కడిగే బకెట్. చాలా చోట్ల రెండుంటాయి, మొదటి దాంట్లో ముంచి రుద్ది రెండో దాంట్లో జాడిస్తారు. మొదటిది మురికిగా ఉండటం మామూలే, దాన్ని చూసి వెనక్కి తగ్గొద్దు. రెండో బకెట్ చూడండి. దాని మీద నూనె తెట్టు తేలుతూ, అంచున జిడ్డు గీత కట్టి, మెతుకులు తిరుగుతుంటే ఆ నీళ్లు పొద్దుటినుంచీ మార్చలేదు. అలాంటి చోట ప్లేటు తడిగా చేతికొస్తే నేను తిరిగిచ్చేస్తా, ఆకులోనో కాగితం ప్లేటులోనో అడుగుతా. లేకపోతే నా స్టీల్ డబ్బా ఎప్పుడూ సంచిలో ఉంటుంది. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు వాళ్లే డబ్బా చూసి నవ్వుతూ ఇంకో గరిటె వేస్తారు.

ప్లేటు తుడిచే గుడ్డ బకెట్ కంటే ఘోరం. అదే గుడ్డ బల్లకీ, చేతులకీ, ప్లేటుకీ.

నీలిగొడుగు
గ్లవ్స్ సంగతేంటి? మా ఆఫీసు దగ్గర ఒకాయన గ్లవ్స్ వేసుకుని చేస్తాడు, అందుకే అక్కడే తింటా.

చేతిసంచి
అదే గ్లవ్స్‌తో డబ్బులు కూడా తీసుకుంటాడా?

నీలిగొడుగు
...తీసుకుంటాడు. చిల్లర డబ్బా కూడా ఆ చేత్తోనే తెరుస్తాడు. ఇప్పటిదాకా గమనించలేదు.

మూకుడు
చెయ్యి జిడ్డుగా ఉంటే మనిషికి కడుక్కోవాలనిపిస్తుంది, గ్లవ్ ఉంటే అనిపించదు. నాకైతే గ్లవ్ లేకపోయినా సబ్బు, నీళ్లు పక్కనుండి డబ్బులు ఇంకొకరు తీసుకునే బండే నయం.

పాతగొడుగు
ఒప్పుకోను. పూట పూటకీ గ్లవ్స్ మార్చేవాళ్లున్నారు, పుండు ఉన్న చేతి కంటే గ్లవ్ మేలు కదా. అందర్నీ ఒకే గాటన కట్టొద్దు.

మూకుడు
మార్చేవాళ్లకి దండం పెడతా. నాకు అలాంటివాళ్లు తక్కువ తగిలారు, అంతే.

రాత్రిడ్యూటీ
తినేవాళ్ల చేతులు కూడా చూసుకోండి. శానిటైజర్ రాసేసుకుని సరిపోయిందనుకుంటారు, నోరోవైరస్ మీద అది సరిగా పనిచెయ్యదు, సబ్బుతో కడుక్కోవాల్సిందే. ఒక కాగితం సబ్బు జేబులో పెట్టుకుంటే అయిపోతుంది.

బండికొడుకు
మా నాన్న ఇరవై రెండేళ్లు బండి నడిపాడు, నేను చదువుకుంటూ సాయంత్రాలు ఆయన పక్కనే ఉండేవాణ్ణి. ఇక్కడ చదివిందాంట్లో చాలావరకు నిజమే గానీ అవతలి వైపు కూడా ఒకసారి వినండి.

అన్నం ముందే వండి ఆరబెట్టేది బద్ధకంతో కాదు. వేడి అన్నం వేయిస్తే ముద్దయిపోతుంది, తినేవాళ్లే ఇదేంటి పేస్ట్‌లా ఉంది అని తిడతారు. మెతుకు విడిగా రావాలంటే అన్నం చల్లారాలి. మా నాన్న వెడల్పాటి పళ్లేల్లో పల్చగా పరిచి విసనకర్రతో విసిరేవాడు, అరగంటలో చల్లారిపోయేది. ఆ తర్వాత గంట, గంటన్నరలో అయిపోయేంతే వండేవాడు. సాయంత్రం ఆరింటికి ఒక గిన్నె, ఎనిమిదింటికి రెండోది. రెండోది అయిపోతే బండి కట్టేసేవాడు, తొమ్మిదికి వచ్చినవాళ్లు తిట్టుకుంటూ పోయేవాళ్లు. టబ్‌లో ఎత్తుగా పోస్తే మాత్రం పైన చల్లగా, మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, మూకుడు గారు చెప్పింది ఆ మధ్యలోనే జరుగుతుంది. లోతు ఎంతో చూడండి, అంతకంటే తేలికైన గుర్తు నాకు తెలీదు.

ఇక నీళ్లు. బకెట్ నీళ్లు ఎందుకు మార్చరంటారు, కుళాయి అర కిలోమీటరు దూరంలో ఉంటే మీరెన్నిసార్లు మోస్తారు? నేను మోశాను. రెండు చేతుల్లో రెండు బిందెలు, పూటకి ఎనిమిది ట్రిప్పులు. అందుకని బండి ఎంచుకునేటప్పుడు దగ్గర్లో కుళాయి ఉందా చూడండి. ఉన్నచోట ప్లేట్లు వాటంతటవే శుభ్రంగా ఉంటాయి.

చేతిసంచి
@బండికొడుకు ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. రేపట్నుంచి బకెట్ కంటే ముందు కుళాయి వెతుకుతా.

కొత్తబాటసారి
@బండికొడుకు ధర గురించి కూడా చెప్పరా? నేను చూసింది మోసమేనా?

బండికొడుకు
అది మీరు చెప్పినదాన్నిబట్టి తేల్చలేను. ముందున్నతని ప్లేట్లో గుడ్డు ఉందా? ఒక గుడ్డా, రెండా? అతను రోజూ వచ్చేవాడా? మా నాన్న దగ్గర రోజూ తినేవాళ్లకి కొంచెం తగ్గేది, వాళ్ల వల్లే వానాకాలం బండి నడిచేది. కొత్తవాళ్లకి ఎక్కువ వెయ్యడం మాత్రం మా నాన్న చెయ్యలేదు, చేసేవాళ్లని మాత్రం చాలామందినే చూశాను.

కొత్తబాటసారి
గుడ్డు... నిజం చెప్పాలంటే చూడలేదు. డబ్బులు ఇవ్వడం మాత్రమే చూశా.

లెక్కలపద్దు
ఆడిట్ పని మీద నెలకో సిటీ నాకు, బడ్జెట్ తిండితోనే బతుకు. ధర న్యాయమా కాదా అనేది ఒక్క బండి దగ్గర నిలబడి ఎప్పటికీ తెలీదు. కొత్త ఊరు దిగిన మొదటి రోజు నేను తినే ముందు నడుస్తా. అన్ని చోట్లా దొరికే ఒక్క వస్తువు పట్టుకుంటా, ఉడికిన గుడ్డు కావచ్చు, టీ కావచ్చు, మామూలు అన్నం ప్లేటు కావచ్చు. అయిదారు చోట్ల దాని ధర కనుక్కుంటా. స్టేషన్ ముందు ఒకటి, జనం చూడటానికొచ్చే చోట ఒకటి, మిగతావి ఆఫీసుల వెనక సందుల్లో, ఆసుపత్రి దగ్గర, కాలేజీ దగ్గర. ఆ వెనక సందుల్లో ఎక్కువ చోట్ల వినిపించేదే ఆ ఊరి ధర. స్టేషన్ ముందు దానికి ఒకటిన్నర రెట్లు ఉంటే నేను మోసం అనను, అక్కడి అద్దె అలా ఉంటుంది, కాకపోతే రోజూ అక్కడ తినను. పక్కపక్కనే ఉన్న రెండు బండ్లలో ఒకడు రెట్టింపు చెప్తే అది మోసం.

భాష రాకపోయినా ఆర్డర్ చెప్పే ముందే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి వాళ్ల ముందు పెట్టండి, వాళ్లే నొక్కుతారు. ఆ నంబర్ అలాగే ఉంచి, తిన్నాక అదే ఇవ్వండి. సగం గొడవలు తిన్నాక అడగడం వల్లే. బల్ల మీద అడక్కుండా పెట్టినవి తింటే వాటికీ డబ్బు పడుతుందేమో ముందే కనుక్కోవాలి, నీళ్ల సీసా మూత తీశారంటే కొన్నట్టే.

బడ్జెట్ విషయానికొస్తే రోజుకి ఇచ్చేది 100 అనుకోండి, మీ డబ్బు ఏదైనా సరే. నేను పొద్దున 20, మధ్యాహ్నం 40, రాత్రి 25, తాగే నీళ్లకీ టీకీ 10 వేసుకుంటా. మిగిలిన 5 ముట్టుకోను. వారానికి 35 అవుతుంది. వానొచ్చి బండ్లు రాకపోయినా, ఒంట్లో బాగోక ఒక పూట శుభ్రమైన హోటల్లో కూర్చోవాల్సి వచ్చినా ఆ 35 ఉంటుంది. నీళ్లు లెక్కలో వెయ్యనివాళ్లే నెల మధ్యలో కుళాయి నీళ్లు తాగడం మొదలుపెడతారు, నేనూ ఒకసారి అలాగే పడ్డా.

మధ్యాహ్నానికి 40 ఎందుకంటే ఆఫీసు జనం తినే ఆ రెండు గంటల్లో గిన్నెలు ఖాళీ అవుతూ నిండుతూ ఉంటాయి, అదే డబ్బుకి ఎక్కువ తిండి కూడా వస్తుంది. పెద్ద భోజనం అప్పుడే చేసెయ్యండి. రాత్రి తేలిగ్గా, అప్పటికప్పుడు వేసేదేదైనా. తొమ్మిది దాటాక మిగిలింది అమ్మే టైమ్, తగ్గింపు ఇస్తున్నా నాకొద్దు.

పొగబండి
సరే, ఒప్పుకుంటున్నా, నా రూల్‌లో పొయ్యి మీదికి రాకముందు ఏం జరిగిందో లేదు. కానీ నూనె గురించి ఎవరూ మాట్లాడలేదు. నల్లటి నూనె చూస్తే నేను పారిపోతా.

మూకుడు
రంగొక్కటే నమ్మొద్దు, కొన్ని పదార్థాలు కొత్త నూనెనీ త్వరగా నల్లబరుస్తాయి. వెయ్యకముందే పొగ రావడం, బుడగలు నురగలా కట్టి తగ్గకపోవడం, గరిటె నుంచి చిక్కగా తీగలా జారడం, ముక్కుకి ఘాటుగా కొట్టడం, ఇవి చూడండి. అరిగిపోయిన నూనె రోజూ ఒంటికి మంచిది కాదు గానీ ఆ రాత్రికి రాత్రి వాంతులు చేయించేది ఎక్కువగా అది కాదు.

పాతగొడుగు
ఇన్ని చూసుకుంటూ కూర్చుంటే ఆకలి చచ్చిపోతుందండి. నేనైతే చిన్న హోటలే నమ్ముతా, నాలుగు గోడలు, కుళాయి, లైసెన్స్ ఉంటాయి.

మూకుడు
గోడల వెనక ఏం జరుగుతుందో కనిపించదు కదా. నేను పనిచేసిన వాటిలో రెండు కిచెన్లు చూస్తే మీరు బండికే వస్తారు. కుళాయి, ఫ్రిజ్ ఉండటం మాత్రం పెద్ద లాభమే, అది కాదనను.

కొత్తబాటసారి
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. రెండోసారి ఏం కాలేదు.

నడిచా, లెక్కలపద్దు గారు చెప్పినట్టే. ఉడికిన గుడ్డు పట్టుకున్నా. ఏడు చోట్లలో అయిదు చోట్ల ఒకటే ధర, స్టేషన్ ముందు మాత్రం దాదాపు రెట్టింపు. ఇప్పుడు పెద్ద భోజనం మధ్యాహ్నం పన్నెండున్నరకి, ఒక ఆసుపత్రి వెనక సందులో పెద్దావిడ బండి దగ్గర. మొదటి రోజు పది నిమిషాలు నిలబడ్డా. చిన్న గిన్నెలో అన్నం, సన్న మంట మీద. అది సగానికి వచ్చేసరికి పక్క పొయ్యి మీద రెండో గిన్నెకి ఎసరు మరుగుతోంది. గరిటె అడుగుదాకా దించి కలిపితే ఆవిరికి ఆవిడ కళ్లజోడు మసకేసింది, కొంగుతో తుడుచుకుని నావైపు చూసి నవ్వింది. డబ్బులు ఆవిడ ముట్టుకోదు, మనవడు తీసుకుంటాడు. కుళాయి పది అడుగుల దూరంలో. క్యాలిక్యులేటర్ పెడితే ఆ అబ్బాయే నొక్కాడు, ఊరి ధరే.

పాత బండి దగ్గరికి కూడా వెళ్లొచ్చా, తినడానికి కాదు. ఆఫీసులో ఒకతన్ని తీసుకెళ్లా. బండి అవతలి వైపు బోర్డు ఉంది, అంకెలు కూడా ఇక్కడి లిపిలోనే, నేను చూసినా చదవలేకపోయేవాణ్ణి. గుడ్డుకి వేరే రేటు రాసుంది. నాకు ఎక్కువ వేసినదాంట్లో సగం దానివల్లేనని తేలింది. మిగతా సగం ఎందుకో ఇప్పటికీ తెలీదు. సాయంత్రం ఆరింటికే వెళ్లాం, టబ్ అప్పుడు అంచుదాకా నిండి ఉంది, బట్ట కప్పి.

బండికొడుకు
మిగతా సగం ఆయన్నే అడగండి, మీ ఫ్రెండ్ భాషలో. అలాగే టబ్ సంగతి కూడా, గొడవగా కాదు, నాకిలా అయింది అని. మా నాన్న దగ్గర కూడా ఒకసారి ఒకాయన అలాగే వచ్చి చెప్పాడు, పళ్లేలు కొన్నది ఆ తర్వాతే.

కొత్తబాటసారి
శనివారం సెలవు, అతను కూడా వస్తానన్నాడు. ఆరుకి ముందే వెళ్తాం, జనం మూగకముందు.

ప్రశ్నలపుట్ట
ఏమన్నాడో ఇక్కడ రాయండి. నా మూడు బండ్లలో ఒకాయనకి నేను కూడా చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలో తెలీట్లేదు.